చివరి బస్సు పోయాక ఊరు చేరాలంటే: రాత్రికి ఆ ఊళ్ళోనే ఆగే బండిని వెతకండి

ప్రశ్న: మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. వచ్చే శుక్రవారం నేను, నా భార్య, నాలుగేళ్ళ పాప మా ఆవిడ మేనమామ గారి ఊరికి పోవాలి. శనివారం పొద్దున అక్కడ నిశ్చితార్థం. ఊరు చేర్యాల దగ్గర, మెయిన్ రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. జనగామ నుంచి రోజుకు మూడే బస్సులట, ఆఖరుది సాయంత్రం ఐదున్నరకే. నాకు ఆఫీసు మూడింటి దాకా ఉంది. జనగామలో ఆటో అడిగితే వెయ్యి చెప్పారట. ఎలా పోవాలి?

సమాధానం:

ఐదున్నర బస్సు ఆశ వదిలేయండి, అది మీకు అందదు. జనగామ నుంచి చేర్యాల మీదుగా సిద్దిపేట పోయే రోడ్డు బస్సు ఎక్కి చేర్యాలలో దిగండి. అక్కడి నుంచి ఊళ్ళోకి పోవడానికి, రాత్రికి మీ ఊళ్ళోనే ఆగే బండి ఒకటి ఈ రోజే మాట్లాడి పెట్టుకోండి. అది హాల్టు బస్సు కావచ్చు, ఊరి మనిషి ఆటో కావచ్చు. జనగామలో వెయ్యి రూపాయల ఆటో జోలికి పోవద్దు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, 29 ఏళ్ళు ఆర్టీసీలోనే పనిచేశాను. ఎక్కువ భాగం పల్లె బస్సుల మీద కండక్టర్‌గా, ఆఖరి ఐదేళ్ళు ఒక జిల్లా బస్టాండులో కంట్రోలర్‌గా. కంట్రోలర్ గది కిటికీ దగ్గరికి రోజూ సాయంత్రం ఆరు దాటాక ఎవరో ఒకరు సంచీ, పిల్లలతో వచ్చి "సార్, మా ఊరి బస్సు పోయిందా?" అని అడిగేవాళ్ళు. మీ ప్రశ్న చదువుతుంటే ఆ కిటికీయే గుర్తొచ్చింది.

ముందు మీ టైము లెక్క చూద్దాం. మూడింటికి ఆఫీసు వదిలి, ఇంటికి పోయి సామాను, పాపను తీసుకుని, కొత్తపేట, నాగోలు మీదుగా ఉప్పల్ చేరేసరికి నాలుగున్నర అవుతుంది. ఆఫీసు నుంచి నేరుగా ఉప్పల్ వచ్చి, ఇంట్లోవాళ్ళను అక్కడికే రమ్మన్నా నాలుగు దాటుతుంది. ఉప్పల్ నుంచి జనగామ సుమారు 80 కిలోమీటర్లు. రోడ్డు మంచిదే, కానీ మొదటి పది కిలోమీటర్లే ప్రాణం తీస్తాయి. శుక్రవారం సాయంత్రం ఉప్పల్ రింగు నుంచి నారపల్లి దాటడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఘట్‌కేసర్ దాటితే ఇక భువనగిరి, ఆలేరు మీదుగా సాఫీగా పోతుంది. మొత్తమ్మీద రెండు గంటల పైనే అనుకోండి. అంటే జనగామలో దిగేసరికి ఆరున్నర. ఐదున్నర బస్సు అప్పటికి మీ ఊళ్ళో జనాన్ని దింపేసి వెనక్కి వస్తుంటుంది.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు పోయే రైలు కుదిరితే ఈ రోడ్డు బాధ తప్పుతుంది. జనగామలో స్టేషన్ ఉంది. కానీ ఆ దారిన పోయే ప్రతి ఎక్స్‌ప్రెస్సూ అక్కడ ఆగదు, ఆగేది మీ టైముకు ఉందో లేదో ముందే చూసుకోండి. జనరల్ బోగీలో శుక్రవారం సాయంత్రం చిన్న పాపతో ఎక్కడం కష్టం. అందుకే మీకు నేను ఉప్పల్ బస్సే చెబుతాను. ఇమ్లీబన్ దాకా పోయి ఎక్కొద్దు, అక్కడ ఎక్కితే సిటీ దాటడానికే అదనంగా సమయం పోతుంది. వరంగల్, హనుమకొండ పోయే ఎక్స్‌ప్రెస్సులు ఉప్పల్‌లో ఆగుతాయి, జనగామ మీదుగానే పోతాయి. ఎక్కేముందు "జనగామ బస్టాండులోకి పోతదా, బైపాసా?" అని కండక్టర్‌ను ఒక్క మాట అడగండి. బైపాస్ మీద దింపితే ఆ చీకట్లో మళ్ళీ ఆటో ఎక్కాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆఖరి బస్సు అంత తొందరగా ఎందుకు పోతుందో తెలిస్తే, దాని తర్వాత ఏం దొరుకుతుందో కూడా తెలుస్తుంది.

పల్లెకు పోయే బస్సు ఎప్పుడూ రెండు ట్రిప్పుల లెక్కలో నడుస్తుంది, పోయేది ఒకటి, వచ్చేది ఒకటి. పొద్దున ఊరి నుంచి పట్నం వచ్చే ట్రిప్పు నిండుతుంది. కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి, ఆఫీసులకు పోయేవాళ్ళు ఉంటారు. సాయంత్రం పట్నం నుంచి ఊరికి పోయే ట్రిప్పు నిండుతుంది, అదే జనం ఇళ్ళకు పోతారు. కానీ సాయంత్రం ఏడింటికి ఊరి నుంచి జనగామ వచ్చేవాళ్ళు ఎవరు? ఒక్కరూ ఉండరు. బస్సు ఖాళీగా డిపోకు రావాలి. మా లెక్కలో దాన్ని ఓఆర్ అంటాం, సీట్లలో ఎన్ని నిండాయి అనేది. వచ్చే ట్రిప్పులో ఓఆర్ సున్నాకు దగ్గరగా ఉంటే ఆ సర్వీసు ఎంతోకాలం నిలవదు. అందుకే డిపో వాళ్ళు ఆఖరి ట్రిప్పును కాలేజీ వదిలే సమయానికి కట్టేస్తారు. పిల్లలను ఎక్కించుకుని పోయి, చీకటి పడేలోపు వెనక్కి వచ్చేస్తుంది. రెండో షిఫ్టు డ్రైవర్, కండక్టర్‌ల డ్యూటీ గంటలు కూడా దాని ప్రకారమే సర్దుతారు.

ఇందులోంచే ఇంకో సంగతి గమనించండి. కాలేజీ పిల్లల కోసం పెట్టిన ట్రిప్పు కాబట్టి, ఆదివారాలు, సెలవు రోజుల్లో ఆ ఆఖరి బస్సు ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. మీ శుక్రవారం ఏదైనా పండుగ సెలవు అయితే, ఐదున్నర బస్సు అసలు బయల్దేరకపోవచ్చు కూడా.

వెనక్కి ఖాళీగా రావలసిన బండి రాత్రి ఊళ్ళోకి పోదు. వెనక్కి రానవసరం లేని బండి మాత్రం హాయిగా పోతుంది. మీరు వెతకాల్సింది దాన్నే.

మొదటిది నైట్ హాల్టు బస్సు. ప్రతి డిపోకూ కొన్ని ఊళ్ళలో హాల్టు ఉంటుంది. బస్సు సాయంత్రమో రాత్రో పట్నంలో బయల్దేరి ఆ ఊరు చేరుతుంది, డ్రైవర్, కండక్టర్ అక్కడే పడుకుంటారు, తెల్లవారుజామున అదే బస్సు ఊరి మొదటి బస్సుగా పట్నానికి బయల్దేరుతుంది. వెనక్కి ఖాళీగా రావడం అనే నష్టం దానికి లేదు కాబట్టి, అది మిగతా ఆఖరి బస్సుల కంటే గంటో రెండు గంటలో ఆలస్యంగా పోగలదు.

నేను కొత్తలో చేసిన డ్యూటీల్లో ఇదే ఎక్కువ. గ్రామపంచాయతీ ఆఫీసు అరుగు మీద పక్క పరుచుకుని పడుకునేవాళ్ళం. వానాకాలం అయితే బస్సులోనే, వెనక పొడుగు సీటు మీద. ఊళ్ళో ఎవరో ఒకరు పెద్ద గిన్నెలో అన్నం, పప్పు, పచ్చిమిరపకాయ తొక్కు పంపేవాళ్ళు. పొద్దున నాలుగున్నరకు డ్రైవర్ లేచి ఇంజన్ స్టార్ట్ చేస్తే, ఆ చప్పుడుకే ఊరు లేచేది. పాలక్యాన్లు, కూరగాయల గంపలు బస్సు వెనక దగ్గర వరుసగా పెట్టేవాళ్ళు.

ఈ బస్సు గురించి బయటి ఊరివాళ్ళకు తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. బోర్డు మీద హాల్టు ఊరి పేరే ఉంటుంది. మీ ఊరి పేరుతో అడిగితే "లేదు, ఐదున్నరదే ఆఖరుది" అంటారు. ఆ మాట అబద్ధం కాదు, మీ ఊరికి పోయే ఆఖరి బస్సు అదే. కానీ పక్క ఊళ్ళో హాల్టు ఉంటే, రాత్రి ఎనిమిదింటికి ఒక బస్సు మీ ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలోకి వస్తూ ఉండవచ్చు. అందుకే అడగాల్సిన మాట వేరు. "మా ఊరి చుట్టుపక్కల ఏ ఊళ్ళో హాల్టు బస్సు పడుకుంటుంది? అది ఏ డిపోది?" ఈ రెండు మాటలూ మీ మేనమామ గారిని అడగండి. ఆ ఊళ్ళో ఉండే పెద్దవాళ్ళకు కచ్చితంగా తెలుస్తుంది, ఎందుకంటే పొద్దున మొదటి బస్సు అదే కాబట్టి.

డిపో ఏదని ఎందుకు అడగమన్నానంటే, మీ ఊరు చేర్యాల వైపు కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. చేర్యాల ఇదివరకు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక సిద్దిపేటలోకి పోయింది. జిల్లా మారింది గానీ జనం రాకపోకలు ఒక్క రోజులో మారవు కదా. జనగామ వైపు పోయే అలవాటు జనగామ వైపే ఉంది, కలెక్టరేటు పని ఉంటే సిద్దిపేట పోతారు. కాబట్టి మీ ఊరికి బస్సులు ఒకవైపు నుంచే వస్తాయని అనుకోవద్దు. జనగామ నుంచి మూడే అన్నారు సరే, సిద్దిపేట వైపు నుంచి ఎన్ని ఉన్నాయో ఎవరైనా అడిగారా? మీరు హైదరాబాదులో ఉండి "మా ఊరు జనగామ వైపు" అని చెప్పగానే అందరూ జనగామ బస్సులే చెబుతారు. రెండో వైపు అడిగినవాళ్ళకే అది తెలుస్తుంది.

రెండోది ఊరి ఆటో. ఇదే మీకు ఎక్కువగా పనికొచ్చేది.

జనగామలో వెయ్యి ఎందుకు చెప్పారో ఆలోచించండి. ఆ ఆటో ఆయన ఇల్లు జనగామలో. మిమ్మల్ని దింపి, చీకట్లో ముప్ఫై పైచిలుకు కిలోమీటర్లు ఒక్కడే ఖాళీగా రావాలి. కాబట్టి రెండు వైపులా డీజిల్, రాత్రి పూట కష్టం అన్నీ కలిపి మీ నెత్తిన వేస్తాడు. అది మోసం కాదు, ఆయన లెక్కలో అది న్యాయమే. ఆయనతో బేరం ఆడితే వంద తగ్గుతుందేమో, అంతే.

కానీ మీ ఊళ్ళో ఆటోలు ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. వాళ్ళు పొద్దున జనాన్ని ఎక్కించుకుని చేర్యాల వస్తారు, రోజంతా అక్కడే అడ్డాలో షేర్ ఆటోగా తిరుగుతారు, రాత్రికి ఇంటికి పోతారు. ఇంటికి పోయే ఆటో ఎట్లాగూ పోవాల్సిందే. మీరు ఎక్కినా ఎక్కకపోయినా ఆయనకు ఆ డీజిల్ ఖర్చు తప్పదు. అలాంటి ఆయన "అన్నా, శుక్రవారం కొంచెం ఆగు, ఎనిమిదింటికి దిగుతున్నాం" అంటే సంతోషంగా ఆగుతాడు. కిరాయి కూడా ఒకవైపుదే.

పోయినేడాది నేను, నా భార్య ఇలాగే మా చెల్లెలి అత్తగారి ఊరికి పోయాం. అది వేరే మండలం అయినా లెక్క ఇదే. ఆఖరి బస్సు మాకు గంట ముందే పోయింది. రోడ్డు బస్సులో మండల కేంద్రం దాకా వచ్చేసరికి రాత్రి ఏడున్నర. అడ్డాలో ఉన్న ఆటోలు 500 అడిగాయి. మేం ముందురోజే మా చెల్లెలి ద్వారా వాళ్ళ ఊరి ఆటో ఆయన నంబరు తీసుకున్నాం. ఆయన బస్టాండు బయట టీ కొట్టు దగ్గర ఆటో ఆపుకుని కూర్చున్నాడు. ఆటోలో అప్పటికే ఒక యూరియా బస్తా, ఇద్దరు ఊరి ఆడవాళ్ళు ఉన్నారు. మా ఇద్దరికీ కలిపి 150 తీసుకున్నాడు. దారిలో నా భార్యతో ఆ ఆడవాళ్ళు పెళ్ళి ఎవరిది, కట్నం ఎంత అని మాట్లాడుకుంటూ వచ్చారు. ఇంటి ముందే దింపాడు.

అదే ఆయన నంబరు లేకపోతే ఏమయ్యేది? 500 ఇచ్చి తెలియని ఆటోలో, తెలియని దారిలో, ఇల్లు ఎక్కడో అడుగుతూ పోయేవాళ్ళం.

కాబట్టి మీ మేనమామ గారికి ఫోన్ చేసినప్పుడు "ఎలా రావాలి?" అని అడగకండి. అలా అడిగితే "బస్సులో రా బిడ్డా, ఐదున్నరకుంది" అంటారు, లేదా "ఏం ఫికరు లేదు, వచ్చి ఫోన్ కొట్టు" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ దాంతో మీకు పని కాదు. మూడు మాటలు అడగండి. చేర్యాల అడ్డాలో తిరిగే మన ఊరి ఆటో ఎవరిది, ఆయన నంబరు ఎంత, రోజూ ఎన్ని గంటలకు ఇంటికి వస్తాడు. తర్వాత ఆ ఆటో ఆయనకు మీరే ఫోన్ చేయండి, మేనమామ గారి పేరు చెప్పి. చుట్టం పేరు చెబితే ఆయనకు అది కిరాయి ఒక్కటే కాదు, ఊరి పని కూడా అవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం ఇంకోసారి గుర్తు చేయండి, జనగామలో బస్సు ఎక్కగానే "ఎక్కినం" అని చెప్పండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చేర్యాలలోనే దిగండి, స్టేజీ దగ్గర దిగొద్దు. మీ ఊరికి మెయిన్ రోడ్డు మీద ఒక స్టేజీ ఉంటుంది కదా, లోపలికి నాలుగు కిలోమీటర్ల దారి మొదలయ్యే చోటు. దూరం లెక్కన అది దగ్గర. పగలైతే నేనూ అక్కడే దిగమంటాను. కానీ రాత్రి ఎనిమిదింటికి స్టేజీ అంటే ఒక చింతచెట్టో వేపచెట్టో, మూసేసిన హోటలు, ఒక రేకుల షెడ్డు. లైటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. బస్సు మిమ్మల్ని దింపి పోయాక, మీకోసం వచ్చే బైకు టైరు పంచరైందని ఫోన్ వస్తే పాపను ఎత్తుకుని ఏం చేస్తారు? చేర్యాలలో అయితే దుకాణాలు ఉంటాయి, పాపకు పాలో బిస్కెట్లో దొరుకుతాయి, కూర్చోవడానికి చోటు ఉంటుంది, ఇంకో ఆటో దొరుకుతుంది. స్టేజీ దగ్గర దిగాల్సిందే అంటే, ఎదురు వచ్చే మనిషి "నేను స్టేజీ దగ్గర నిలబడి ఉన్న" అని ఫోన్‌లో చెప్పాకే దిగండి. "బయల్దేరుతున్న" అంటే లెక్క కాదు.

బైకులు పంపిస్తామంటే మర్యాదగా వద్దనండి. ముగ్గురు, సామాను, నాలుగేళ్ళ పాప, నిశ్చితార్థం బట్టల బ్యాగు. రెండు బైకులైనా సరిపోవు. పల్లె రోడ్డు మీద రాత్రి ధాన్యం ఆరబోస్తారు, దాని చుట్టూ రాళ్ళు పెడతారు, హెడ్‌లైట్‌లో అవి దగ్గరికి వచ్చేదాకా కనబడవు. కోతల కాలంలో ఇలాంటి రాళ్ళకు తగిలి పడ్డవాళ్ళను నేను బస్సులోనే ఆసుపత్రికి తీసుకుపోయిన రాత్రులున్నాయి.

జనగామ నుంచి చేర్యాల బస్సు గురించి రెండు మాటలు. సిద్దిపేట పోయే రోడ్డు బస్సు ఊరి బస్సు లాంటిది కాదు. అది ఒక బస్టాండు నుంచి ఇంకో బస్టాండుకు పోతుంది కాబట్టి వచ్చేటప్పుడు కూడా జనం ఉంటారు, అందుకే రాత్రి ఇంకొంచెం ఆలస్యం దాకా నడుస్తుంది. ఆఖరుది ఎన్నింటికో మాత్రం నన్ను అడగకండి, సీజన్‌ను బట్టి మార్చేస్తుంటారు. దాన్ని రెండు రోజుల ముందు జనగామ బస్టాండుకే ఫోన్ చేసి కంట్రోలర్‌ను అడగండి. అడిగేటప్పుడు "చేర్యాల మీదుగా పోయే ఆఖరి బస్సు, దానికి ముందుది, రెండూ ఎన్నింటికి?" అని అడగండి. ఎప్పుడూ ఆఖరుదానికి ముందు దాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. ఆఖరిది పాడైతే దాని వెనక ఏమీ ఉండదు. ముందుది తప్పితే ఆఖరుది ఉంటుంది.

ఫోన్‌లో యాప్ చూసి నిర్ణయించుకుందామని మీకు అనిపించవచ్చు. ఆర్టీసీ వాళ్ళ గమ్యం యాప్ మంచిదే, ఎక్స్‌ప్రెస్సులకు నేనూ వాడతాను. కానీ లోపలి ఊళ్ళకు పోయే పల్లెవెలుగు బండి విషయంలో దాని మీదే ఆధారపడొద్దని నా అనుభవం. ఆ బస్సు ఈ రోజు వచ్చిందో లేదో కంట్రోలర్‌కు తెలుస్తుంది, ఆ రూటు కండక్టర్‌కు ఇంకా బాగా తెలుస్తుంది.

మీ ఆవిడ ఆధార్ కార్డు చేతిలో ఉంచుకోమనండి. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, కానీ కార్డు చూపించి జీరో టికెట్ మాత్రం తీసుకోవాలి. డీలక్స్‌కు, సూపర్ లగ్జరీకి ఇది వర్తించదు. డబ్బు సంగతి పక్కనపెడితే, ఆ పథకం వచ్చాక పల్లె బస్సుల్లో సాయంత్రం పూట సీటు దొరకడం బాగా కష్టమైంది. అందుకని జనగామ బస్టాండులో ప్లాట్‌ఫారం దగ్గరే ఎక్కండి, ఊరి బయట చౌరస్తాలో చెయ్యెత్తి ఆపి ఎక్కే పని పెట్టుకోవద్దు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికైనా ఒక్క సీటు కావాలి కదా.

జనగామలో దిగేసరికి బాగా ఆలస్యమైపోయి, చేర్యాల బస్సు కూడా లేకపోతే? అప్పుడు మొండికి పోకుండా ఆ రాత్రి జనగామలోనే ఉండిపోండి. పొద్దున మొదటి బస్సుకు పోతే నిశ్చితార్థానికి అందుతారు. ఇది ముందే మీ ఆవిడతో అనుకుని ఉండండి. రాత్రి తొమ్మిదింటికి బస్టాండులో నిలబడి ఆ మాట మొదలుపెడితే గొడవ అవుతుంది.

ఇంకో దారి కూడా చెబుతాను. ఉప్పల్ వైపు రోడ్డు ఆ రోజు మరీ దారుణంగా ఉందని తెలిస్తే, జేబీఎస్ నుంచి పోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే నేరుగా జేబీఎస్ దగ్గర దిగుతారు, ట్రాఫిక్‌తో సంబంధం లేదు. అక్కడి నుంచి సిద్దిపేట, కరీంనగర్ వైపు బస్సులు వెంటవెంటనే ఉంటాయి. చేర్యాల నుంచి వచ్చే రోడ్డు దుద్దెడ దగ్గర రాజీవ్ రహదారిలో కలుస్తుంది. మగవాళ్ళు ఒంటరిగా పోతే దుద్దెడలో దిగి చేర్యాల బస్సు పట్టుకుంటారు. మీరు మాత్రం పాపతో రాత్రి పూట అక్కడ దిగొద్దు, సిద్దిపేట బస్టాండు దాకా పోయి అక్కడే చేర్యాల బస్సు ఎక్కండి. కాస్త వెనక్కి వచ్చినట్టవుతుంది, అయినా బస్టాండులో ఎక్కితే సీటు ఉంటుంది. మీ ఊరు చేర్యాలకు సిద్దిపేట వైపు ఉంటే ఈ దారిలో మీ స్టేజీయే ముందు వస్తుంది. అయినా సరే, రాత్రి అయితే స్టేజీ దాటి చేర్యాల దాకా రండి. ఆటో అక్కడే ఉంటుంది.

నా సర్వీసులో ఒక రాత్రి చెబుతాను, ఇది మీకు ఉపయోగపడుతుంది. కంట్రోలర్‌గా ఉన్నప్పుడు ఒక పెద్దాయన, ఆయన కోడలు, ఇద్దరు పిల్లలు ప్లాట్‌ఫారం మీద రెండు గంటల నుంచి కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఊరి బస్సు ఆరింటికి. ఏడున్నరకు నా దగ్గరికి వచ్చి అడిగితే చూశాను, ఆ బస్సును ఆ రోజు జాతర స్పెషల్‌గా వేసేశారు. ఎవరూ మైకులో చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు, ఆ షిఫ్టులో నా బాధ్యత అది. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పక్క ఊరి హాల్టు బస్సు ఇంకో పది నిమిషాల్లో ఉందని గుర్తొచ్చి, ఆ కండక్టర్‌కు చెప్పి వాళ్ళను ఎక్కించాను. అక్కడి నుంచి వాళ్ళ ఊరు రెండు కిలోమీటర్లు. కొడుకు ట్రాక్టర్ తీసుకుని ఎదురొచ్చాడని మర్నాడు కండక్టర్ చెప్పాడు. కాబట్టి బస్టాండులో బస్సు టైముకు పది నిమిషాలు దాటితే కూర్చోవద్దు, వెంటనే కంట్రోలర్ కిటికీ దగ్గరికి పోయి అడగండి. పెళ్ళిళ్ళు, జాతరలు, పెద్ద సభలు ఉన్న రోజుల్లో ముందుగా తీసేసేది తక్కువ కలెక్షన్ వచ్చే పల్లె ట్రిప్పులనే.

మీ దారిలో ఈ జాతర సంగతి ఇంకా ఎక్కువ. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఉంటుంది, ఆదివారాలు ఆ చుట్టుపక్కల బస్సులన్నీ అటే. మీరు ఆ మూడు నెలల్లో పోతుంటే శుక్రవారం రాకకు పెద్దగా ఇబ్బంది ఉండదు, తిరుగు ప్రయాణం ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు. శనివారం సాయంత్రమో సోమవారం పొద్దునో బయల్దేరండి. వానాకాలంలో అయితే ఇంకో ప్రశ్న చేర్చండి, స్టేజీ నుంచి ఊరికి మధ్యలో వాగు ఉందా, ఉంటే పైన వంతెన ఉందా, నీళ్ళు రోడ్డు మీదుగా పారే కాజ్‌వేనా. వాన పడ్డ రోజు కాజ్‌వే దాకా వచ్చి ఆగిపోవాల్సి వస్తుంది. రాత్రి పూట నీళ్ళు ఎంత లోతో కనబడవు, ఆటో ఆయన "పోదాం" అన్నా మీరు ఒప్పుకోవద్దు.

తిరిగి వచ్చేటప్పుడు మీకు ఇంత కష్టం లేదు. హాల్టు ఉన్న ఊరు దగ్గర్లో ఉంటే, పొద్దున మొదటి బస్సు అదే. శుక్రవారం రాత్రే మేనమామ గారిని అడిగి ఆ బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుందో తెలుసుకోండి. అది చెప్పిన టైము కంటే ఐదు నిమిషాలు ముందే కదులుతుంది తప్ప ఆగదు, జనగామలో దాని తర్వాతి ట్రిప్పు ఎదురు చూస్తుంటుంది కాబట్టి. పదిహేను నిమిషాలు ముందే బస్సు దగ్గర ఉంటే, సామాను పెట్టడానికి ముందు సీట్ల కింద చోటు దొరుకుతుంది.

ఊరి పేరు రాయనవసరం లేదు గానీ, మీ స్టేజీ చేర్యాలకు జనగామ వైపా, సిద్దిపేట వైపా అన్నది కింద రాయండి. దాన్ని బట్టి ఏ వైపు నుంచి రావడం మంచిదో చెబుతాను.